నిజమైన వాక్యమే, కానీ ఈ పేరాది కాదు

వాదన వ్యాసంలో దారి తప్పిన వాక్యాన్ని పట్టుకోవడం కష్టం. ఎందుకంటే చాలాసార్లు అది తప్పు వాక్యం కాదు. అందులోని సంగతి నిజమే, భాషా శుభ్రంగానే ఉంటుంది, విషయానికి దగ్గరగానూ ఉంటుంది. విశాఖ మీద రాసిన వ్యాసంలో డాల్ఫిన్స్ నోస్ కొండ గురించి ఒక మాట వస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆ పేరా దేన్ని రుజువు చేయడానికి మొదలైంది, ఆ రుజువుకు కొండ చేసిన సాయమేమిటి అని అడిగినప్పుడే జవాబు దొరకదు. వ్యాసాన్ని పలచన చేసేవి తెలియని సంగతులకన్నా తెలిసిన సంగతులే. తెలుసు కాబట్టి రాసేస్తారు.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే వారికి సొంత ఊరి మీద వ్యాసం వస్తే ఈ చిక్కు మరీ ఎక్కువ. ఊరి గురించి చిన్నప్పటి నుంచి విన్నవన్నీ కలం దగ్గరికి వచ్చి నిలబడతాయి. అందుకే ఇక్కడ పరిశీలనకు తీసుకున్న నమూనా వ్యాసం కూడా విశాఖదే. ప్రశ్న: రామకృష్ణా బీచ్‌ను కోత నుంచి కాపాడటానికి ఏది సరైన దారి? వ్యాసం ప్రధాన వాదన: ఒడ్డున రాతిగోడలు కట్టడంకన్నా ఏటా ఇసుక నింపడం మేలు. కోతకు కారణం చెప్పాల్సిన రెండో పేరా చిత్తుప్రతిలో ఇలా ఉందనుకుందాం. వాక్యాలకు అంకెలు వేసింది తరువాత మాట్లాడుకోవడానికి మాత్రమే.

> (1) విశాఖపట్నం ప్రకృతి అందాలకు నిలయం. (2) ఇక్కడి ఓడరేవు 1933లో ప్రారంభమైంది. (3) డాల్ఫిన్స్ నోస్ కొండ దానికి సహజమైన రక్షణ. (4) ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడి అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. (5) అలలను అడ్డుకోవడానికి ఓడరేవు కట్టిన బ్రేక్‌వాటర్లు ఆ ఇసుకలో చాలా భాగాన్ని ఆపేస్తాయి. (6) 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని అతలాకుతలం చేసింది. (7) ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్‌కు రావాల్సిన ఇసుక రాదు. (8) ఈ బీచ్‌లోనే 2002 నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం పర్యాటకులను ఆకర్షిస్తోంది. (9) అలలు మాత్రం ఉన్న ఇసుకను తీసుకుపోతూనే ఉంటాయి. (10) కాబట్టి ప్రభుత్వం వెంటనే చర్యలు తీసుకోవాలి.

పది వాక్యాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. పది వాక్యాలూ విశాఖ తీరానికి సంబంధించినవే. అయినా చదివినవాడికి కోత ఎందుకు వస్తోందో సరిగా అర్థం కాదు. కారణం చెప్పే వాక్యాలు నాలుగే: 4, 5, 7, 9. వాటి మధ్యలోకి తుపాను ఒకసారి, జలాంతర్గామి ఒకసారి వచ్చి నిలబడ్డాయి. ఇసుక రాదు అనే 7వ వాక్యానికి కారణం 5వ వాక్యంలో ఉంది. తుపాను మధ్యలో దూరడంతో ఇసుక రాకపోవడానికి తుపానే కారణమేమో అన్న అనుమానం కూడా వస్తుంది. అంటే దారి తప్పిన వాక్యం తన చోటును వృథా చేయడంతో ఆగలేదు, పక్క వాక్యం అర్థాన్ని కూడా మార్చేసింది.

ఇలాంటి పేరాను బాగుచేయడానికి కూర్చున్నప్పుడు ముందుగా కొట్టివేతలు మొదలుపెట్టకూడదు. ఏది ఉండాలో తేలకుండా ఏది పోవాలో తేలదు. అది తేల్చేది కాలేజీల్లో టాపిక్ సెంటెన్స్ అని పిలిచే వాక్యం. దాన్ని ఇక్కడ ముఖ్యవాక్యం అందాం. పేరా పక్కన మార్జిన్‌లో, ఈ పేరా ఏం అంటోందో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. “కోత గురించి” అని రాస్తే సరిపోదు. “కోతకు కారణాలు” అన్నా సరిపోదు. అవి శీర్షికలు. శీర్షిక కింద ఏదైనా ఇముడుతుంది, తుపానూ ఇముడుతుంది, జలాంతర్గామీ ఇముడుతుంది. క్రియతో ముగిసే వాక్యమో, ‘ఇది ఫలానా’ అని తేల్చే వాక్యమో కావాలి. దాన్ని విన్న మనిషి “కాదు” అని ఎదురు చెప్పగలగాలి. “కోతకు అసలు మూలం బీచ్‌కు వచ్చే ఇసుక తగ్గడమే” అన్నది అలాంటి వాక్యం. కాదు, తుపానులే మూలం అని ఎవరైనా వాదించవచ్చు. అలా వాదించే వీలున్నప్పుడే పేరాకు చేయాల్సిన పని పుడుతుంది.

ఈ వాక్యం చివర ఉన్న ‘ఏ’ మీద కాస్త ఆగాలి. “కోతకు ఒక మూలం ఇసుక తగ్గడం” అంటే, ఇసుక ఎలా తగ్గుతోందో చూపిస్తే చాలు. “ఇసుక తగ్గడమే” అంటే, తక్కిన కారణాలు అంత పెద్దవి కావని కూడా చూపాలి. ఒక్క అక్షరంతో పేరా మీద పడే బాధ్యత రెట్టింపు అవుతుంది. “కూడా” అంటే బాధ్యత తగ్గుతుంది. “మాత్రమే” అంటే మోయలేనంత పెరుగుతుంది, ఎందుకంటే తీరం కోతకు ఒకే ఒక్క కారణం ఎక్కడా ఉండదు. చాలామంది ఈ ‘ఏ’ను ఊపు కోసం వాడతారు, దానికి తగిన రుజువు పేరాలో ఉండదు. ముఖ్యవాక్యం సరిచూసుకునేటప్పుడు ముందు చూడాల్సింది దాని చివర అంటుకున్న ఈ చిన్న ముక్కలనే.

మూలం ఇసుక తగ్గడమే అని నిర్ణయించుకున్నాక, పది వాక్యాలనూ ఒక్కొక్కటిగా ఈ వాక్యం ముందు నిలబెట్టాలి. అడగాల్సిన ప్రశ్న “ఇది విషయానికి సంబంధించిందా?” అన్నది కాదు. ఆ ప్రశ్నకు పదీ అవునంటాయి. “ఎందుకు?”, “ఎలా తెలుసు?” అని ముఖ్యవాక్యాన్ని అడిగితే ఈ వాక్యం జవాబులో భాగమవుతుందా? పరీక్ష అది.

1వ వాక్యం వెంటనే పోతుంది. అది ఏ పేరాకూ పనికిరాదు, ఏ ఊరికైనా సరిపోతుంది. 10వ వాక్యమూ అంతే. కారణం చెప్పే పేరా ఇంకా పూర్తికాకముందే పరిష్కారంలోకి దూకింది, పైగా ఏ చర్యో చెప్పలేదు. ప్రతి పేరా చివరా ప్రభుత్వాన్ని పిలవడం ఒక అలవాటుగా మారింది. ముగింపు పేరాలో ఒకసారి, ఫలానా పని ఫలానా విధంగా అని చెబితే దానికి విలువ ఉంటుంది.

2, 3 వాక్యాలు కొంచెం మొహమాటపెడతాయి. ఓడరేవు ఈ వాదనలో ముఖ్య పాత్రే కదా, దాని పుట్టుక చెబితే తప్పేమిటి అనిపిస్తుంది. కానీ “ఎందుకు ఇసుక తగ్గింది?” అన్న ప్రశ్నకు 1933 అన్న ఏడాది జవాబు కాదు. ఓడరేవు ప్రారంభం నాటి తీరం ఎలా ఉండేది, ఆ తరువాత ఎలా మారింది, 1970లలో అవుటర్ హార్బర్ కట్టాక ఏమైంది అని పోల్చి చూపే పేరా అయితే ఆ ఏడాదికి పని ఉండేది. ఇక్కడ అలాంటి పోలిక లేదు. డాల్ఫిన్స్ నోస్ ఓడరేవుకు గాలి నుంచి, అలల నుంచి చాటు ఇస్తుందన్నది బీచ్ కథ కాదు, ఓడల కథ. రెండూ తీసేయాల్సిందే.

6వ వాక్యం దగ్గర అసలు ఆలోచన అవసరం. హుద్‌హుద్‌ను కూడా కొట్టేస్తే పేరా శుభ్రంగా కనిపిస్తుంది. కానీ విశాఖలో ఉన్న ఏ పాఠకుడైనా కోత అనగానే తుపాను రోజులనే గుర్తు తెచ్చుకుంటాడు. ముఖ్యవాక్యంలో ‘ఏ’ పెట్టి, తుపాను ఊసు ఎత్తకపోతే, చదివేవాడి మనసులోని ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. చిత్తుప్రతిలో ఆ వాక్యం చేసిన తప్పు అక్కడ ఉండటం కాదు, పని చేయకుండా ఉండటం. “నగరాన్ని అతలాకుతలం చేసింది” అన్నప్పుడు అది నగరం గురించిన వార్త. తుపాను ఇసుకను ఏం చేస్తుందో చెబితే వాదనలో భాగమవుతుంది. పెద్ద అలలు ఒడ్డున ఉన్న ఇసుకను లోపలికి లాగి, కొంత దూరంలో నీటి అడుగున దిబ్బలుగా పోస్తాయి. తరువాతి ప్రశాంతమైన నెలల్లో చిన్న అలలు అందులో కొంత మళ్లీ ఒడ్డుకు చేరుస్తాయి. ఇలా పోయింది తిరిగి పూడాలంటే తీరం వెంట ఇసుక వస్తూ ఉండాలి. కాబట్టి తుపాను గాయాన్ని పెంచుతుంది, గాయం మానకపోవడానికి మాత్రం కారణం వేరు. ఇలా తిప్పి రాస్తే, ముఖ్యవాక్యానికి అడ్డొచ్చిన వాక్యమే దానికి ఆసరా అవుతుంది.

8వ వాక్యం మరో రకం. కురుసుర ఈ పేరాలో పనికిరాదు, కానీ వ్యాసంలో పనికొస్తుంది. కోత ఆగకపోతే పోయేదేమిటో చెప్పే పేరా తరువాత వస్తుంది. అప్పటివరకు దాన్ని ఒక పక్కన రాసి ఉంచుకోవాలి. కొట్టివేసిన వాక్యాల కోసం వేరే కాగితం పెట్టుకోవడం మంచి అలవాటు. పూర్తిగా పోగొట్టుకోవడం లేదన్న నమ్మకం ఉంటే చేయి ధైర్యంగా కొట్టివేస్తుంది.

తిరగరాసిన పేరా ఇలా వస్తుంది.

> రామకృష్ణా బీచ్ కోతకు అసలు మూలం ఇసుక రాక తగ్గడమే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడి అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. ఆ దారిలో ఓడరేవు బ్రేక్‌వాటర్లు, ఓడల కోసం లోతుగా తవ్విన కాలువ ఉన్నాయి. ఇసుకలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. వాటికి ఉత్తరాన ఉన్న బీచ్‌కు ఇలా వచ్చేది తగ్గినా, అక్కడి నుంచి అలలు తీసుకుపోయేది మాత్రం తగ్గదు. తుపానులు ఈ నష్టాన్ని పెంచుతాయే తప్ప మొదలుపెట్టవు. 2014 నాటి హుద్‌హుద్ లాంటి తుపాను ఒడ్డు ఇసుకను లోపలికి లాగేసినా, ప్రశాంతమైన నెలల్లో అలలు కొంత వెనక్కి తెస్తాయి. దక్షిణం నుంచి కొత్త ఇసుక అందని చోట ఆ పూడిక ఎప్పటికీ పూర్తి కాదు.

ఇక్కడ కొట్టివేయకుండా వదిలిన మాటలు కూడా చూడాలి. “ఎక్కువ నెలలు”, “చాలా భాగం”, “కొంత”. పేరాను బిగించాలన్న ఉత్సాహంలో చాలామంది ముందు వీటినే తీసేస్తారు. తీసేస్తే వాక్యం పదునెక్కినట్టు ఉంటుంది, కానీ అబద్ధమవుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఇసుక నడక దిశ మారుతుంది, ఏడాది మొత్తం లెక్కలోనే మొగ్గు ఉత్తరానికి. బ్రేక్‌వాటర్లు కూడా ఇసుకనంతా ఆపవు. పేరాను చెదరగొట్టేవి పక్క సంగతులు. కొలత చెప్పే ఇలాంటి మాటలు వాదనను నిజం హద్దులో ఉంచుతాయి, వాటి మీద కత్తెర పడకూడదు.

తెలుగులో ముఖ్యవాక్యం రాయడంలో ఇంకో చిక్కు ఉంది. అది వాక్య నిర్మాణంలోనే ఉంది. తెలుగు వాక్యంలో గట్టిగా అనేది చివరి క్రియతోనే అంటాం. ముందు వచ్చే “చేసిన”, “ఆపేసిన”, “పడిన” లాంటి విశేషణాల్లో ఉన్నదంతా చదివేవాడికి ముందే తెలుసన్నట్టు జారిపోతుంది. ఈ వాక్యం చూడండి: “దక్షిణం నుంచి వచ్చే ఇసుకను ఆపేసి బీచ్ కోతకు మూలమైన బ్రేక్‌వాటర్లు ఉన్న విశాఖ ఓడరేవు దేశంలోని పెద్ద ఓడరేవుల్లో ఒకటి.” వాదన మొత్తం విశేషణంలో ఇరుక్కుపోయింది. చివర్లో గట్టిగా చెప్పింది మాత్రం ఓడరేవు పెద్దదని. దీని తరువాతి వాక్యం ఓడరేవు సరుకుల గురించి వస్తే ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ముఖ్యవాక్యమే అటు చూపించింది. పేరా ఎక్కడ దారి తప్పిందో వెతికేటప్పుడు చాలాసార్లు తప్పు మధ్య వాక్యాల్లో ఉండదు. మొదటి వాక్యం చివరి క్రియలో ఉంటుంది. నిరూపించదలచుకున్న మాటను విశేషణంలోంచి బయటికి లాగి చివరికి తెస్తే, ముఖ్యవాక్యం పొట్టిదీ అవుతుంది, సూటిగానూ నిలుస్తుంది.

ఇక పేరాల మధ్య. నమూనా వ్యాసంలో మూడో పేరా రాతిగోడల మీద. చిత్తుప్రతిలో దాని మొదటి వాక్యం ఇది: “ఇదిలా ఉండగా, సముద్రతీరంలో రాతిగోడలు కట్టడం వల్ల అనేక సమస్యలు తలెత్తుతాయి.” వార్తాపత్రికల నుంచి వచ్చిన “ఇదిలా ఉండగా” వ్యాసాల్లో బాగా స్థిరపడింది. వార్తలో దాని పని న్యాయమైనదే. ఒకే రోజు జరిగిన, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సంగతులను పక్కపక్కన పెట్టడానికి అది వీలిస్తుంది. వాదన వ్యాసంలో మాత్రం ప్రతి పేరాకూ ముందు పేరాతో ఏదో ఒక సంబంధం ఉండి తీరాలి. అది కారణమా, ఫలితమా, అభ్యంతరమా, ఒక మెట్టు ముందుకా? “ఇదిలా ఉండగా” ఇందులో ఏదీ చెప్పదు. సంబంధం ఆలోచించకుండానే కలిపేసిన భ్రమ కలిగిస్తుంది. “ఇకపోతే”, “అదేవిధంగా”, “మరోవైపు” కూడా చాలాసార్లు ఇదే పని చేస్తాయి. తరువాతి పేరా నిజంగా ఎదురు వాదన కానప్పుడు “మరోవైపు” వాడితే, చదివేవాడు లేని ఎదురును వెతుక్కుంటాడు.

కొందరు ఈ మొరటుతనాన్ని సర్దడానికి “దీనివల్ల” అని మొదలుపెడతారు. ఒకే పేరాలో, ముందు వాక్యం పక్కనే ఉన్నప్పుడు “దీనివల్ల” సరిపోతుంది. కొత్త పేరా మొదట్లో ‘ఇది’ అంటే ఏది? చివరి వాక్యమా, ముందు పేరా మొత్తమా, మధ్యలో వచ్చిన తుపానా? ‘ఈ’ పక్కన ఒక నామం పెడితే ఈ గందరగోళం పోతుంది: “ఈ ఇసుక లోటు వల్ల”. ఆ నామాన్ని ఎంచుకోవడమే అసలు పని. ముందు పేరా మొత్తాన్ని ఒక్క మాటలో పట్టుకునే నామం దొరక్కపోతే, ముందు పేరాకు ఒకే కేంద్రం లేదని అర్థం. చిత్తుప్రతిలోని పది వాక్యాల పేరాకు అలాంటి మాట వెతికి చూస్తే దొరకదు. తిరగరాసిన పేరాకు “లోటు” అన్న మాట వెంటనే దొరుకుతుంది.

ఆ మాటతో మూడో పేరాను ఇలా మొదలుపెట్టవచ్చు:

> లోటు ఇసుకది అయినప్పుడు, రాతిగోడ దాన్ని తీర్చలేదు.

ఇందులో అనుసంధాన పదం అంటూ ఏదీ లేదు. అయినా వాక్యం ముందు పేరాకు గట్టిగా అతుక్కుంది. మొదటి సగం ముందు పేరాలో రుజువైన సంగతిని తీసుకుంది, రెండో సగం ఈ పేరా రుజువు చేయబోయే కొత్త మాటను చెప్పింది. తెలుగులో ఇది సహజమైన క్రమం. తెలిసినది ముందు వస్తుంది, కొత్తది క్రియ దగ్గరికి వస్తుంది. “అయినప్పుడు”, “అయితే”, “తగ్గినా” లాంటి అసమాపక క్రియలు ఈ బరువును తేలిగ్గా మోస్తాయి. పేరా తెరవడానికి బయటి నుంచి తెచ్చిన పదంకన్నా, ముందు పేరా చివరి సంగతిని అసమాపక క్రియతో ఎత్తుకోవడం చాలా మెరుగు. చదివేవాడికి మెట్టు దిగినట్టుంటుంది తప్ప గోడ దూకినట్టుండదు.

ఆ తరువాతి వాక్యాలు దాని “ఎందుకు?”కు జవాబు చెబుతాయి. గోడ తన వెనకున్న రోడ్డును కాపాడగలదు, తన ముందున్న ఇసుకను కాపాడలేదు. నిలువు గోడను కొట్టిన అల తన బలంతోనే వెనక్కి మళ్లి, గోడ మొదట్లో ఇసుకను తవ్వుతుంది. గోడ ఆగిపోయే చోట, దాని పక్కనే ఉన్న తీరం మీద కోత ఎక్కువవుతుంది. “అనేక సమస్యలు తలెత్తుతాయి” అన్న చిత్తుప్రతి వాక్యం కింద ఖర్చు, అందం, మత్స్యకారుల పడవలు లాగే చోటు, అన్నీ వచ్చి చేరేవి. “దాన్ని తీర్చలేదు” అన్న వాక్యం కింద అవి చేరలేవు. మత్స్యకారుల పడవల సంగతి ముఖ్యమే. కానీ గోడ ఇసుక లోటును తీర్చలేదనడానికి అది రుజువు కాదు. దానికి వేరే పేరా కావాలి, ఆ పేరాకు దాని సొంత ముఖ్యవాక్యం కావాలి. ముఖ్యవాక్యంలో “అనేక”, “వివిధ”, “పలు” అన్న మాట కనిపిస్తే పేరా రెండుగానో మూడుగానో చీలబోతోందని ముందే తెలుసుకోవచ్చు.

నాలుగో పేరా ఎదురు వాదనది. దాని మొదటి వాక్యం తెలుగులో ప్రత్యేకంగా జారుడు చోటు. చిత్తుప్రతి: “ఏటా కోట్ల రూపాయలు ఖర్చు చేసి ఇసుక నింపడం, అలలు దాన్ని మళ్లీ తీసుకుపోవడం ప్రజాధనాన్ని సముద్రంలో పోయడమే అని కొందరు అంటారు.” వాక్యం దాదాపు పూర్తయ్యేదాకా ఆ మాట వ్యాసకర్తదే అనిపిస్తుంది. మూడు పేరాలుగా ఇసుక నింపడాన్ని సమర్థిస్తూ వచ్చిన మనిషి హఠాత్తుగా ప్లేటు ఫిరాయించాడేమో అనుకున్నాక, చివర్లో “అని కొందరు అంటారు” వచ్చి సర్దుతుంది. అప్పటికి చదివేవాడు తడబడ్డాడు. తెలుగులో “అని” ఎప్పుడూ మాట చివరే వస్తుంది కాబట్టి, ఎదురు వాదనను అది ఎదురు వాదనేనని ముందుగా చెప్పే వాక్యంతో తెరవాలి:

> ఏటా ఇసుక నింపడం మీద వచ్చే బలమైన అభ్యంతరం ఖర్చు.

ఇది ముఖ్యవాక్యం అవునా? పూర్తిగా కాదు. ఇది అభ్యంతరాన్ని ప్రకటించింది, పేరా చివరికి వ్యాసం ఏమంటుందో చెప్పలేదు. ఎదురు వాదన పేరాలో ముఖ్యవాక్యం రెండో చోట రావచ్చు: “ఆ ఖర్చులో పెద్ద భాగం ఎలాగూ పెట్టక తప్పనిదే.” తరువాత కారణం. ఓడల దారి లోతు తగ్గకుండా ఉండాలంటే ఓడరేవు అక్కడ చేరిన ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి తీయాల్సిందే. తవ్విన ఇసుకను ఎక్కడ పోయాలన్నదే ప్రశ్న. సముద్రం లోపల పోస్తే బీచ్‌కు శాశ్వతంగా దూరమవుతుంది, ఉత్తరపు ఒడ్డుకు పంపితే అలలు చేయాల్సిన పని డ్రెడ్జర్ చేసినట్టవుతుంది. ఓడరేవు దగ్గర ఆగిన ఇసుకను తవ్వి బీచ్‌కు చేర్చడం విశాఖకు కొత్త కూడా కాదు. తరువాతి ఏడాది మళ్లీ నింపాల్సి వస్తుందన్న మాట నిజమే. ఆ మాటను ఒప్పుకునే వాక్యం ఈ పేరాలో ఉండి తీరాలి. అది వాదనకు ఎదురు కాబట్టి అనవసరం అనుకుని కొట్టేయడం, 6వ వాక్యాన్ని కొట్టేయడం లాంటి పొరపాటే.

అన్ని పేరాల్లోనూ ముఖ్యవాక్యం మొదటి వాక్యమే కావాలన్న నియమం లేదు. ఆధారాలు ఒక్కొక్కటే పేర్చి చివర్లో తేల్చడం తెలుగు వచనానికి బాగా అలవాటైన నడక, కథనంలో అది ఎంతో బాగుంటుంది. అయితే పరీక్ష పేపరు దిద్దేవారు వేగంగా చదువుతారు. పేరా ఏ పని మీద బయలుదేరిందో మొదటి రెండు వాక్యాల్లో తెలియకపోతే, తరువాత వచ్చే మంచి ఆధారం దేనికి ఆధారమో వారికి అందదు. చివర్లో తేల్చాలనుకున్నా, మొదట్లో ఒక ప్రశ్న అయినా పెట్టి ఉంచితే దారి కనిపిస్తుంది.

తిరగరాసింది నిలబడిందో లేదో చూడటానికి పేరాల మొదటి వాక్యాలను మాత్రమే వరుసగా చదివి చూడాలి. నమూనా వ్యాసంలో ఆ వరుస ఇలా ఉంటుంది: బీచ్ కోతకు అసలు మూలం ఇసుక రాక తగ్గడమే. లోటు ఇసుకది అయినప్పుడు, రాతిగోడ దాన్ని తీర్చలేదు. ఏటా ఇసుక నింపడం మీద వచ్చే బలమైన అభ్యంతరం ఖర్చు. మొదటిదాని నుంచి రెండోదానికి దారి ఉంది. రెండోదాని నుంచి మూడోదానికి చిన్న గండి ఉంది. గోడ తీర్చలేదని అన్నాం, ఇసుక నింపడం తీరుస్తుందని ఎక్కడా అనలేదు, నేరుగా దాని మీద అభ్యంతరానికి వెళ్లిపోయాం. విడివిడిగా చూస్తే ఏ పేరాలోనూ కనిపించని లోపం ఇది. రాతిగోడల మీది మూడో పేరా చివర “తీర్చగలిగేది, ఆగిన ఇసుకను ఆగిన చోటు నుంచి తీసి బీచ్‌కు చేర్చడం” అని ఒక్క వాక్యం కలిపితే గండి పూడుతుంది. గండి పెద్దదైతే ఒక పేరానే కావాల్సి వచ్చేది. మొరటుగా మొదలైన పేరాకు మందు ప్రతిసారీ ఆ పేరా మొదట్లోనే ఉండదు, ముందు పేరా చివర్లోనూ ఉండవచ్చు. ఒక్కోసారి రాయకుండా వదిలేసిన పేరాలోనే ఉంటుంది.

కొట్టివేతల తరువాత ఒక పేరా మూడు వాక్యాలకు కుదించుకుపోతే కంగారు పడి పాత వాక్యాలను తిరిగి తేకూడదు. ఆ పేరాలో ఆధారం మొదటి నుంచీ అంతే ఉంది, పక్క సంగతులు దాన్ని కప్పి ఉంచాయి. ఇప్పుడు చేయాల్సింది ఇంకో ఆధారం వెతకడం. అది దొరక్కపోతే ముఖ్యవాక్యాన్ని ఆ ఆధారం మోయగలిగినంతకు తగ్గించడం, అంటే ‘ఏ’ తీసి “ఒక మూలం” అనడం.

పక్క కాగితం మీద ఉంచిన కురుసుర వాక్యం ఐదో పేరాలో తన చోటు కనుగొంటుంది. ఆ పేరా ముఖ్యవాక్యం: “కోత ఆగకపోతే నష్టపోయేది ఇసుక ఒక్కటే కాదు.” అక్కడికి వచ్చేటప్పుడు మాత్రం వాక్యం పాత రూపంలో రాకూడదు. “పర్యాటకులను ఆకర్షిస్తోంది” అన్నది పర్యాటకం మీది వ్యాసంలో మాట. ఇక్కడ ఆ జలాంతర్గామి చేయాల్సిన పని వేరు: “2002 నుంచి బీచ్ ఇసుక మీద నిలిచి ఉన్న కురుసుర మ్యూజియం, దాని వెనకే సాగే బీచ్ రోడ్డు, రెండూ ఆ ఇసుక చాటునే ఉన్నాయి.”